మేనమామలు ఎన్నేళ్ళకు పోయారు?

పోయిన టర్మ్‌లో ఇదే గోడమీద మన సీనియర్లు బంధుత్వ పదాల పట్టిక వేలాడదీశారు, గుర్తుందా? పెద్దనాయన, చిన్నాయన, మేనమామ, మేనత్త, వీళ్ళలో ఎవరు అమ్మవైపో ఎవరు నాయనవైపో తెలుగులో మాటలోనే తెలిసిపోతుందని దానికింద రాశారు. ఆస్పత్రి ఫారాల్లో మాత్రం అందరూ 'అంకుల్', అందరూ 'ఆంటీ'. ఆ పట్టికలోని గళ్ళను నేను మా ఇంటివాళ్ళతో నింపుకుని, ఒక్కొక్కరి పక్కన ఇంకో రెండు సంగతులు చేర్చాను: ఎన్నేళ్ళకు పోయారు, ఎలా పోయారు. బతికున్నవాళ్ళకైతే రక్తపరీక్షలో వచ్చిన అంకె. ఈ వ్యాసం అలా నింపిన కాగితం గురించే.

మాది హోసూరు పక్క పల్లె. మా అమ్మవాళ్ళ ఇంటి గురించి చుట్టుపక్కల ఒక మాట ఉంది, "ఆ ఇంట్లో మగోళ్ళకి ఆయుస్సు తక్కువ" అని. మా తాత పోయారు, పెద్దమామ పోయాడు. ఇద్దరూ సన్నటి మనుషులే. పెద్దమామకు బీడీ అలవాటు కూడా లేదు. ఇంటికి వాస్తు బాగాలేదని తూర్పు గోడ పగలగొట్టి మళ్ళీ కట్టించారట. నేను అడిగింది వాస్తు కాదు, వయసు. ఇది అనుకున్నంత సులభం కాదండీ. "నడివయసులో పోయినారు" అంటుంది మా అవ్వ. నడివయసంటే ఎంత? "ముప్పై ఐదో, యాభయ్యో" అంటుంది. అందుకని వేరే దారిలో వచ్చాను. పెద్దమామ పోయినప్పుడు నేను మూడో తరగతి. అంటే పన్నెండేళ్ళ కిందట. ఆయన బడి సర్టిఫికెట్లో పుట్టిన సంవత్సరం ఉంది. లెక్కవేస్తే 39. తాత పోయినప్పుడు చిన్నమామ మూడేళ్ళ పిల్లాడు, అవ్వకు నలభై నిండుతున్నాయి, తాత అవ్వకంటే ఆరేళ్ళు పెద్ద. అంటే 46.

ఎలా పోయారన్నది ఇంకో చిక్కు. "నిద్రలోనే పోయినాడు", "గ్యాస్ పట్టేసింది", "ఛాతీ మంట అని సోడా తాగి పడుకున్నాడు", "గుండె ఆగిపోయింది". గుండె ఆగిపోకుండా పోయేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి చివరిదానితో మనకేమీ తెలియదు. పెద్దమామ విషయంలో మాత్రం ఆస్పత్రి చీటీ ఒకటి దొరికింది, అందులో గుండెపోటు అని ఉంది. తాత చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పి, తెల్లారేసరికి పోయారని అవ్వ చెప్పింది. ఇది కూడా గుండెపోటు లాగానే ఉందని డాక్టరు అన్నారు.

వైద్యులు గీత ఎక్కడ గీస్తారంటే, మగవాళ్ళకు 55 ఏళ్ళలోపు, ఆడవాళ్ళకు 60 ఏళ్ళలోపు గుండెజబ్బు వస్తే అది 'తొందరగా వచ్చింది' అని లెక్క. డెబ్భై ఏళ్ళ తాతకు గుండెపోటు వస్తే అది వంశం గురించి పెద్దగా ఏమీ చెప్పదు. 39, 46 అలా కాదు. అవి రెండూ ఒకే కొమ్మమీద, తండ్రి తరవాత కొడుకుగా వరసగా ఉంటే, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ ఇంట్లో ఎవరికైనా ఎల్‌డీఎల్ ఎంతుందో చూశారా?

మా ఇంట్లో ఎవరూ చూడలేదు. చూస్తే అమ్మకు 280.

ఎల్‌డీఎల్ అంటే ఏమిటో కాస్త చెబుతాను. కొలెస్ట్రాల్ కొవ్వులాంటి పదార్థం కాబట్టి రక్తంలో నేరుగా కలవదు. చిన్న చిన్న మూటలుగా కట్టుకుని తిరుగుతుంది. ఆ మూటల్లో ఒక రకం పేరే ఎల్‌డీఎల్. ఒంట్లో వాడకం అయ్యాక మిగిలిన మూటల్ని రక్తంలోంచి తీసేసే పని ముఖ్యంగా కాలేయానిది. కాలేయ కణాల పైన కొక్కేల్లాంటివి ఉంటాయి, ఎల్‌డీఎల్ రిసెప్టర్లంటారు. మూట కొక్కేనికి తగులుకుంటుంది, కణం దాన్ని లోపలికి లాక్కుంటుంది, కొక్కెం మళ్ళీ పైకి వస్తుంది. కొక్కేలు సగమే ఉంటే మూటలు రక్తంలో ఎక్కువసేపు తిరుగుతాయి, పోగుపడతాయి, గోడల్లోకి దూరతాయి. ఇక్కడ గోడలంటే రక్తనాళాల గోడలు.

ఈ సంగతి కనిపెట్టింది అమెరికాలో డాలస్ నగరంలో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. 1970ల మొదట్లో ఈ జబ్బు బాగా తీవ్రంగా ఉన్న రోగుల చర్మంలోంచి చిన్న ముక్క తీసి, ఆ కణాల్ని గాజు పాత్రల్లో పెంచి చూశారు. మామూలు మనిషి కణాలు ఎల్‌డీఎల్‌ని పట్టుకున్నాయి, రోగి కణాలు పట్టుకోలేదు. 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కొక్కెం తయారీకి పనికొచ్చే జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంది. ప్రతి మనిషికీ దాని ప్రతులు రెండుంటాయి, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. వాటిలో ఒకటి చెడిపోయి ఉంటే కొక్కేలు సుమారు సగానికి పడిపోతాయి. ఆ స్థితికే ఫమీలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అని పేరు. నోరు తిరగదు కాబట్టి డాక్టర్లే ఎఫ్‌హెచ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. వేరే ఒకటి రెండు జన్యువుల వల్ల కూడా ఇది వస్తుంది గానీ ఎక్కువమందిలో కారణం ఈ కొక్కెం జన్యువే.

ఇది అరుదైన జబ్బు అనుకోకండి. ప్రపంచం మొత్తమ్మీద సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. రెండువేల మంది ఉండే కాలేజీలో ఏడెనిమిది మంది అన్నమాట. ఆ ఏడెనిమిది మందిలో చాలామందికి తమకు ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే దీనికి నొప్పి లేదు, నీరసం లేదు. మనిషి సన్నగా ఉండొచ్చు, నెయ్యి ముట్టకపోవచ్చు. ఎల్‌డీఎల్ మాత్రం పుట్టినప్పటి నుంచీ ఎక్కువే.

అమ్మ రిపోర్టు చూసినవాళ్ళు మొదట అన్నమాట, "నూనె తగ్గించు, పొద్దున్నే నడువు". ఆ సలహాలో తప్పులేదు. ఎఫ్‌హెచ్ ఉన్నవాళ్ళకు కూడా అది మంచిదే. కానీ తిండి సరిచేసుకుంటే ఎల్‌డీఎల్ పది పదిహేను శాతం తగ్గితే ఎక్కువ. 280లో పదిహేను శాతం పోతే 238. ఇంకా ఎక్కువే ఉంది. లాబ్ రిపోర్టుల్లో ఒక తిరకాసుంది, మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. 165 ఉన్నా, 280 ఉన్నా పక్కన పడే 'ఎక్కువ' గుర్తు ఒక్కటే. చూసేవాళ్ళు ఆ గుర్తు చూసి "అందరికీ ఉండేదే" అనుకుంటారు, అంకె చూడరు. పెద్దవాళ్ళలో ఎల్‌డీఎల్ 190 దాటితే ఎఫ్‌హెచ్ కావచ్చా అని ఆలోచించాలి. ఇంట్లో గుండెపోట్లు కూడా ఉంటే ఇంకా గట్టిగా ఆలోచించాలి.

ఆలోచించాలి అన్నాను గానీ, అంకె ఒక్కటే చూసి తేల్చకూడదు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ఎల్‌డీఎల్ బాగా పెరుగుతుంది. మన ఆడవాళ్ళలో అది మామూలు సమస్య. మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బులో పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. అమ్మకు థైరాయిడ్, మూత్రం రెండూ చూశారు, బాగానే ఉన్నాయి. రెండో నెల మళ్ళీ చూసినా అంకె మారలేదు. ఇంకో విషయం, గుండెపోటు వచ్చిన కొత్తల్లో ఎల్‌డీఎల్ కొంత దిగుతుంది, మాత్రలు వేసుకుంటున్నవాళ్ళలో ఎలాగూ దిగుతుంది. ఆ అంకెలు చూసి "ఈయనకు కొలెస్ట్రాలే లేదు" అనుకుంటే పొరపాటు పడతాం.

అమ్మ తరవాత చిన్నమామ. ఆయనకు 31. ఎల్‌డీఎల్ 296. డాక్టరు ఆయన్ని చెప్పులు విప్పమని, కుర్చీమీద మోకాళ్ళు ఆనించి, పాదాలు వెనక్కి వేలాడేలా కూర్చోబెట్టారు. మడమ వెనకనుంచి పిక్కకు పోయే లావాటి నరముందే, మనం నరమంటాం గానీ అది కండను ఎముకకు కట్టే తాడు, దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. మామూలుగా అది పలకలా సన్నగా, గట్టిగా, అంచులు తెలిసేలా ఉంటుంది. చిన్నమామది లావుగా, గడ్డకట్టినట్టు, ఎగుడుదిగుడుగా ఉంది. కొలెస్ట్రాల్ అక్కడ పేరుకుంటే అలా ఔతుంది. చేతివేళ్ళు మడిస్తే మెటికల మీద కనిపించే నరాల్లోనూ అలాంటి గడ్డలు వస్తాయి. ఆయన అప్పటిదాకా కొత్త బూట్లు కరుస్తున్నాయని అనుకునేవాడు! పాత బూట్లు మార్చాడు, మళ్ళీ కొత్తవి కొన్నాడు. రెండో గుర్తు కంట్లో. నల్లగుడ్డు అంచు చుట్టూ బూడిదరంగు ఉంగరం. ముసలివాళ్ళలో అది చాలామందికి ఉంటుంది, దానికి అర్థం లేదు. 45 ఏళ్ళలోపు కనిపిస్తే అర్థముంది. ఈ రెండు గుర్తులూ లేకపోతే జబ్బు లేదనుకోవద్దు, ఎఫ్‌హెచ్ ఉన్న చాలామందికి, ముఖ్యంగా చిన్నవయసులో, ఏ గుర్తూ కనబడదు.

నెదర్లాండ్స్ వైద్యులు తయారుచేసిన మార్కుల పద్ధతి ఒకటుంది, పరీక్షల్లో మార్కులు వేసినట్టే. చిన్నమామకు వేసి చూపించారు. ఎల్‌డీఎల్ 250కీ 329కీ మధ్య ఉంది కాబట్టి 5. మడమ నరం లావుగా ఉంది, 6. తండ్రికీ అన్నకూ చిన్నవయసులో గుండెపోటు, 1. మొత్తం 12. ఎనిమిది దాటితే ఎఫ్‌హెచ్ ఖాయమని లెక్క. జన్యుపరీక్ష ఉంటే మంచిదే. కానీ అది అందరిలోనూ మార్పును పట్టుకోలేదు. ఇన్ని ఆధారాలున్నప్పుడు ఆ పరీక్షలో ఏమీ దొరకలేదని చెప్పి జబ్బు లేదనడానికి వీల్లేదు. ఈ మార్కులు ఇంట్లో మొట్టమొదట దొరికిన మనిషికే పనికొస్తాయి. తరవాతివాళ్ళకు అంతదూరం అక్కర్లేదు. ఇంట్లో జబ్బు ఉందని తెలిశాక, వయసును బట్టి ఎల్‌డీఎల్ చూస్తే సాధారణంగా తేలిపోతుంది.

తరవాతివాళ్ళంటే ఎవరు? ఇక్కడే మన బంధుత్వ పట్టిక పనికొచ్చింది. జబ్బు ఉన్న మనిషి చుట్టూ మొదటి వరస గీయాలి: తల్లి, తండ్రి, తోడబుట్టినవాళ్ళు, పిల్లలు. వాళ్ళలో ఒక్కొక్కరికీ ఉండే అవకాశం సగం. వాళ్ళలో ఎవరికి దొరికితే వాళ్ళ చుట్టూ మళ్ళీ మొదటి వరస. దొరకనివాళ్ళ కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. ఇది తరాన్ని దాటి దూకే జబ్బు కాదు, తల్లికో తండ్రికో లేకుండా పిల్లలకు రావడం బహు అరుదు. ఆడా మగా తేడా కూడా లేదు. తండ్రినుంచి కూతురికి వస్తుంది, తల్లినుంచి కొడుక్కి వస్తుంది. మరి మా ఊళ్ళో "మగోళ్ళకి ఆయుస్సు తక్కువ" అని ఎందుకన్నారు? ఆడవాళ్ళలో గుండెపోటు సుమారు పదేళ్ళు ఆలస్యంగా వస్తుంది కాబట్టి. మగవాళ్ళు పోయారు, కంటికి కనిపించారు. అమ్మ బతికి ఉంది, ఆరోగ్యంగా తిరుగుతోంది, అందుకే ఎవరూ ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. ఆ జన్యువు ఆమె దగ్గరా ఉంది. వైద్యం లేకుండా వదిలేస్తే ఎఫ్‌హెచ్ ఉన్న మగవాళ్ళలో దాదాపు సగంమందికి 50 ఏళ్ళలోపే గుండెజబ్బు వస్తుందని, ఆడవాళ్ళలో సుమారు ముప్పై శాతానికి 60 లోపు వస్తుందని పాత లెక్కలు. ముప్పై శాతం చిన్నదేమీ కాదు.

అమ్మకు ఇద్దరం, నేను, తమ్ముడు. నా వయసు 21. నా రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 305, హెచ్‌డీఎల్ 52, ట్రైగ్లిసరైడ్లు 105. చాలా లాబుల్లో ఎల్‌డీఎల్‌ని విడిగా కొలవరు, లెక్క కడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిసరైడ్లలో అయిదో వంతు కూడా తీసేస్తారు. 305లోంచి 52 పోతే 253, అందులోంచి 21 పోతే 232. తమ్ముడికి 15 ఏళ్ళు, వాడికి 96. ఒకే వంట, ఒకే కంచాలు, పైగా ఇంట్లో చిప్సు ఎక్కువ తినేది వాడే. వాడికి మంచి ప్రతి వచ్చింది, నాకు రాలేదు, అంతే. వాడి కొమ్మ అక్కడ ఆగింది.

చిన్నవయసులోనే ఎందుకు తెలియాలి అన్నదానికి నాకు బాగా అర్థమైన లెక్క ఇది. రక్తనాళం గోడకు ఈరోజు ఎంత ఎల్‌డీఎల్ తగిలిందన్నది ఒక్కటే కాదు, ఎన్నేళ్ళుగా తగులుతోందన్నదీ లెక్కే. 232 చొప్పున 21 ఏళ్ళంటే, గుణిస్తే 4872. ఎల్‌డీఎల్ 100 ఉన్న మనిషి అంత మోయడానికి 48 ఏళ్ళు దాటాలి. ఇది మోటు లెక్కే, నా గుండె వయసు 48 అని కాదు. కానీ మిగతావాళ్ళు "నలభై దాటాక చెకప్ చేయించుకుంటాం" అనే మాట ఈ కొమ్మమీద వాళ్ళకు ఎందుకు పనికిరాదో దీంతో తెలుస్తుంది. పెద్దమామకు నలభై రానేలేదు.

తొందరగా మొదలుపెడితే ఏమౌతుందో చెప్పే ఆధారం కూడా నెదర్లాండ్స్‌దే. ఎఫ్‌హెచ్ ఉన్న 214 మంది పిల్లలు చిన్నప్పుడే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళ తరవాత వాళ్ళను వెతికి పట్టుకుని, ఇదే జబ్బున్న వాళ్ళ తల్లిదండ్రులతో పోల్చారు. తల్లిదండ్రుల కాలంలో చిన్నప్పుడు వేసుకోవడానికి ఆ మాత్రలు లేవు. 39 ఏళ్ళ వయసు వచ్చేసరికి తల్లిదండ్రుల్లో 26 శాతానికి గుండెపోటులాంటిది వచ్చింది, 7 శాతం గుండెజబ్బుతో పోయారు. పిల్లల్లో ఆ వయసుకు ఒక్క శాతానికే వచ్చింది, గుండెజబ్బుతో ఎవరూ పోలేదు. జన్యువు అదే, మొదలుపెట్టిన వయసు వేరు. 39 అన్న అంకె చదివినప్పుడు నేను కాసేపు పేజీ తిప్పలేదు.

స్టాటిన్ చేసే పని కూడా కొక్కేల ద్వారానే. కాలేయం సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకోకుండా ఈ మాత్ర అడ్డుపడుతుంది. అప్పుడు కాలేయానికి కొరత వస్తుంది. కొరత తీర్చుకోవడానికి మంచి ప్రతి మరిన్ని కొక్కేలు తయారుచేసి పైకి పంపుతుంది, రక్తంలోంచి మూటల్ని లాక్కుంటుంది. ఎల్‌డీఎల్ సగం దాకా దిగుతుంది. చాలకపోతే పేగుల్లోంచి కొలెస్ట్రాల్ రాకుండా చేసే ఎజెటిమైబ్ అనే మాత్ర కలుపుతారు. ఆ పైన సూదిమందులూ ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. మాత్ర జీవితాంతం వేసుకోవాలి, ఆపితే నెలలోపే అంకె మళ్ళీ పైకి పోతుంది. కొందరికి కండరాల నొప్పులొస్తాయి, అప్పుడు మోతాదో మందో మారుస్తారు. పిల్లలకు సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్ళ వయసులో మొదలుపెడతారు. ఆడపిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడు స్టాటిన్‌ని ముందే ఆపమని డాక్టర్లు మామూలుగా చెబుతారు, పాలిచ్చే రోజుల్లోనూ వద్దంటారు. ఒక్కో కాన్పుకు అలా ఒకటి రెండేళ్ళు మందు లేకుండా గడుస్తాయి. అందుకని పెళ్ళికి ముందే తెలిసి, ముందునుంచే తగ్గించుకుని ఉంటే ఆ విరామం అంత భారం కాదు.

పెళ్ళి అన్నాను కాబట్టి ఇక ఆ సంగతికి వస్తాను. మా వైపు అక్క కూతురిని చేసుకోవడం మామూలే. మీ ఇళ్ళలోనూ ఉంటుంది, ఇక్కడి తమిళ ఇళ్ళలోనూ ఉంది. నాకూ చిన్నమామకూ అన్న మాట మా ఇంట్లో నేను పావడాలు కట్టే రోజులనుంచీ నడుస్తోంది. ఇప్పుడు ఆయన దగ్గర ఒక చెడ్డ ప్రతి, నా దగ్గర ఒకటి. రెండూ తాతనుంచే వచ్చాయి. డాక్టరు చీటీ వెనక నాలుగు గళ్ళు గీసి మా అవ్వకు చూపించారు. ఒక గడిలో పిల్లకు రెండు మంచివి. రెండు గళ్ళలో ఒక మంచిది, ఒక చెడ్డది, అంటే మాలాంటివాళ్ళే. నాలుగో గడిలో రెండూ చెడ్డవే. ప్రతి కాన్పుకూ ఆ నాలుగో గడి పడే అవకాశం పావువంతు.

నాలుగో గడిలో బిడ్డకు కొక్కేలు దాదాపు ఉండవు. ఎల్‌డీఎల్ 500 దాటుతుంది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, పిరుదుల మీద పసుపురంగు గడ్డలు చిన్నతనంలోనే లేస్తాయి. గుండెపోటు ఇరవై ఏళ్ళలోపే రావచ్చు. మామూలు మాత్రలు సరిగ్గా పనిచేయవు, ఎందుకంటే మరిన్ని కొక్కేలు తయారుచేయడానికి మంచి ప్రతే లేదు. అమెరికాలో స్టార్మీ జోన్స్ అనే పాపకు ఇదే జబ్బు. ఆరేళ్ళ వయసుకే గుండెపోట్లు వచ్చాయి. 1984 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌లో ఆ పాపకు గుండెనూ కాలేయాన్నీ కలిపి మార్చారు. కాలేయం ఎందుకంటే కొక్కేలుండేది అక్కడ. కొత్త కాలేయంతో కొలెస్ట్రాల్ బాగా దిగింది, కొక్కేల సిద్ధాంతం నిజమని మనిషి ఒంట్లోనే రుజువైంది. పాప 1990లో పోయింది. ఇప్పుడు యంత్రంతో రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని వారానికో రెండు వారాలకో వడకట్టే పద్ధతి ఉంది, అన్ని ఊళ్ళలో దొరకదు.

ఒక చెడ్డ ప్రతి, రెండు చెడ్డ ప్రతులు అన్న ఈ తేడాను కుటుంబాల్లో స్పష్టంగా చూపించింది లెబనాన్‌లో పనిచేసిన ఖచదూరియన్ అనే వైద్యుడు, 1964లో. అక్కడ దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువ, అందుకే రెండు ప్రతులూ చెడినవాళ్ళు ఆయనకు ఎక్కువగా కనిపించారు. ఒకే ఇంట్లో మామూలు అంకెలవాళ్ళు, సుమారు రెట్టింపు ఉన్నవాళ్ళు, నాలుగురెట్ల దగ్గర ఉన్నవాళ్ళు మూడు గుంపులుగా విడిపోవడం ఆయన గమనించాడు. మేనరికం జబ్బును పుట్టించదు. ఒకే కొమ్మలో ఉన్న రెండు చెడ్డ ప్రతుల్ని ఒకచోటికి తెస్తుంది. చేసుకోబోయే ఇద్దరిలో ఒకరికి లేదని తేలితే ఈ జబ్బు వరకు నాలుగో గడి భయం లేదు. అందుకని మేనరికం అనుకుంటున్న ఇంట్లో ఇలాంటి చావులుంటే, జాతకాలతో పాటు ఇద్దరి ఎల్‌డీఎల్ కూడా చూడడం మేలని నా అభిప్రాయం. మా అవ్వ ఆ చీటీని రెండుసార్లు తిప్పి చూసి, మడిచి, తమలపాకుల సంచిలో పెట్టుకుంది. ఆ తరవాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. చిన్నమామా నేనూ ఒకేరోజు మాత్రలు మొదలుపెట్టాం. ఆరు వారాలకు నా 232 కాస్తా 124కి వచ్చింది. ఇంకా దిగాలన్నారు.

ఇక మిగిలింది పెద్దమామ కొమ్మ. పోయినవాళ్ళకు పరీక్ష చెయ్యలేం, వాళ్ళ పిల్లలకు చెయ్యగలం. ఆయనకు కొడుకు 18, కూతురు 15. ఒక్కొక్కరికీ సగం అవకాశం. అత్త మొదట ఇద్దర్నీ పంపనంది. "అది కూడా బయటపడితే నా కూతుర్ని ఎవరు చేసుకుంటారు?" అంది. ఆమె భయం అర్థం లేనిది కాదు. మన ఇళ్ళలో ఆడపిల్ల మందుబిళ్ళ మింగుతోందంటే సంబంధాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో మనకు తెలియదా? అమ్మ పోయి తన రిపోర్టూ నా రిపోర్టూ ఆమె ముందు పెట్టింది. ఏమీ వాదించలేదు. "వదినా, అన్న అంకె మనకు తెలీదు, పిల్లోడిదైనా తెలుసుకుందాం" అంది. పిల్లవాడు వచ్చాడు. పొద్దున్నే ఇడ్లీ తిని వచ్చాడని లాబులో ఏమీ తిప్పి పంపలేదు, మొదటిసారి చూడడానికి పరగడుపున ఉండాల్సిన పని లేదు. ట్రైగ్లిసరైడ్లు బాగా ఎక్కువ కనిపిస్తే మాత్రం పరగడుపున మళ్ళీ తీస్తారు. వాడికి 245 వచ్చింది. అంటే పెద్దమామ అంకె కూడా మాకు ఇప్పుడు సుమారుగా తెలిసినట్టే.

చెల్లెలికి ఇంకా చూడలేదు. దసరా సెలవులకు ఆ పిల్ల మా ఇంటికి వస్తుంది, అత్త కూడా వస్తానంది.